మొదటిసారి కంప్యూటర్ బిగించేవారికి: ముందు అట్టపెట్టె మీద, తర్వాతే క్యాబినెట్‌లో

మా సంస్థ చదువు గదికి నిరుడు ఒక కొత్త డెస్క్‌టాప్ కావలసి వచ్చింది. షాపులో బిగించినది కొనే బదులు విడిభాగాలు తెచ్చి పిల్లల చేతే బిగింపజేద్దామని మేము అనుకున్నాం. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్.ఎం.పి.ఎస్. దాతల సొమ్ముతో కొత్తవి కొన్నాం. క్యాబినెట్ మాత్రం ఒక దాత ఇంట్లో వాడకుండా పడి ఉన్నది ఇచ్చారు. ఇంటర్ చదివే ఇద్దరు అబ్బాయిలు, వారి పక్కన మాలో ఒకరం కూర్చుని ఒక ఆదివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. సాయంత్రానికి అన్నీ బిగించాం. బటన్ నొక్కితే ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాం, మళ్లీ అంతే. ఆ రాత్రి బోర్డు చెడిపోయి వచ్చిందనే నిర్ణయానికి వచ్చి, ఇంకో బోర్డు కోసం సాయం అడుగుతూ ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాం.

ఆ ఉత్తరం పంపే అవసరం రాలేదు. బోర్డులో ఏ లోపమూ లేదు. లోపం మేము పాటించిన వరసలో ఉంది. కంప్యూటర్ బిగించడంలో ఏ ముక్క ఎక్కడికి వెళ్తుందన్నది కష్టమేమీ కాదు, ఒకదానికి పట్టే చోట మరొకటి సాధారణంగా పట్టదు. ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఆగి పరీక్ష చేసుకోవాలి అన్నదే తెలియాలి. ఇంట్లో పిల్లలకు కంప్యూటర్ బిగించాలనుకునే దాతలకూ, పాత భాగాలు మాకు పంపే దాతలకూ పనికొస్తుందని ఆ వరసను, మా పొరపాటుతో సహా ఇక్కడ రాస్తున్నాం.

క్యాబినెట్ బయట చేయవలసిన పని

మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పరుచుకోండి. బోర్డు చుట్టి వచ్చిన మెరిసే సంచి మీద పెట్టకండి, అలాంటి సంచుల పైపొర కొంత కరెంటును పోనిస్తుంది. పని మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలోనూ, క్యాబినెట్ రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు పోతుంది. నైలాన్ దుప్పటి మీద, తివాచీ మీద కూర్చుని ఈ పని చేయకూడదు.

మొదట ప్రాసెసర్. దాని ఒక మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సాకెట్ మీద కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకే మూలకు వచ్చేలా ప్రాసెసర్‌ను పైనుంచి నెమ్మదిగా దించాలి. దాన్ని నొక్కే పని లేదు, తన బరువుకు తానే కూర్చోవాలి. మా ప్రాసెసర్‌కు అడుగున పిన్నులు లేవు, అవి సాకెట్‌లోనే వందల సంఖ్యలో వెంట్రుకల్లా ఉంటాయి. వేలు తగిలితే వంగిపోతాయి, వంగితే బోర్డు పోయినట్టే. కూర్చున్నాక లివర్ దించేటప్పుడు కాస్త గట్టిగానే ఉంటుంది, భయపడనక్కర్లేదు.

తర్వాత ర్యామ్. నాలుగు గాళ్లున్న బోర్డులో రెండు ర్యామ్ ముక్కలే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి సాధారణంగా రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాలి. మొదటి రెండింట్లో పెడితే కంప్యూటర్ నడవవచ్చుగానీ రెండు ముక్కలూ జోడీగా పనిచేయవు, వేగం తగ్గుతుంది. క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కాలి. తెర మీద బొమ్మ రాకపోవడానికి సగం నొక్కి వదిలేసిన ర్యామ్ చాలాసార్లు కారణమవుతుంది.

ఆ తర్వాత చిన్న ఎస్‌ఎస్‌డీ, చివరికి ప్రాసెసర్ మీది ఫ్యాన్. ప్రాసెసర్‌తోపాటు పెట్టెలో వచ్చిన ఫ్యాన్ అడుగున చాలావాటికి బూడిదరంగు పేస్టు ముందే పూసి ఉంటుంది, దాన్ని వేలితో తుడవకండి. విడిగా కొన్న ఫ్యాన్ అయితే అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉండవచ్చు, దాన్ని తీసేసి, బఠాణీ గింజంత పేస్టు ప్రాసెసర్ మధ్యలో పెట్టాలి. పొర తీయకుండా బిగిస్తే కంప్యూటర్ మొదలవుతుంది, కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంది. నాలుగు కాళ్లను ఒక మూల తర్వాత ఎదురు మూల చొప్పున నొక్కాలి. ఫ్యాన్ తీగను ప్రాసెసర్ ఫ్యాన్ కోసమే బోర్డు మీద ఉన్న చోట పెట్టాలి.

మేము దాటేసిన మెట్టు

ఇక్కడ ఆగాలి. క్యాబినెట్ జోలికి పోకముందే బోర్డును అట్టపెట్టె మీదే ఒకసారి వెలిగించి చూడాలి. దీనికి పావుగంట పడుతుంది. ఆ ఆదివారం అది దండగ పని అనుకున్నాం.

చేసే పద్ధతి ఇది. ఎస్.ఎం.పి.ఎస్.ను పక్కన పెట్టి రెండు తీగలు బోర్డుకు ఇవ్వాలి. ఒకటి 24 పిన్నుల పెద్దది. రెండోది ప్రాసెసర్ దగ్గర బోర్డు పైమూలన పెట్టే 8 పిన్నుల తీగ, కొన్ని చిన్న బోర్డులకు 4 పిన్నులే ఉంటాయి. ఈ రెండోదాన్ని కొత్తవాళ్లు మరిచిపోతారు. అది లేకపోతే ఫ్యాన్లు తిరిగినా తెర నల్లగానే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు తీగ కూడా 8 పిన్నులతో దాదాపు ఇలాగే కనిపిస్తుంది, కానీ దానిలో కరెంటు వచ్చే వైపు, పోయే వైపు తారుమారుగా ఉంటాయి. పట్టకపోతే బలవంతంగా దూర్చవద్దు, తీగ చివర రాసినది చదవాలి.

తర్వాత మానిటర్ తీగ. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే బోర్డుకు పెట్టాలి. కొన్ని ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, అప్పుడు విడి కార్డు పెట్టి తీగను ఆ కార్డుకే తగిలించాలి. కార్డు ఉండి కూడా తీగను బోర్డుకు పెట్టి, బొమ్మ రాలేదని బాధపడేవారు ఎందరో.

ఇప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. వెనక స్విచ్ వేయాలి. క్యాబినెట్ లేదు కాబట్టి నొక్కడానికి బటన్ లేదు. బటన్ చేసే పని ఒక్కటే, బోర్డు మీది రెండు పిన్నులను క్షణంపాటు కలపడం. ఆ పని స్క్రూ డ్రైవర్ కొనతోనూ అవుతుంది. ఏ రెండు పిన్నులో బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. వాటిని ఒక్క క్షణం తాకించి తీసేయాలి. ఫ్యాన్ తిరిగి, తెర మీద బయోస్ కనిపిస్తే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్. నాలుగూ బాగున్నట్టే. డిడిఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు, కంగారుపడి ఆపేయకూడదు.

ఈ పరీక్ష వల్ల లాభం ఏమిటంటే, రేపు క్యాబినెట్‌లో పెట్టాక నడవకపోతే తప్పు ఈ నాలుగింటిలో లేదని తెలిసిపోతుంది. మేము ఈ పరీక్ష చేయలేదు గనుకనే, ఫ్యాన్ ఆగిపోయినప్పుడు అన్నింటినీ అనుమానించాల్సి వచ్చింది.

పదకొండు దిమ్మెలు, తొమ్మిది రంధ్రాలు

మరునాడు మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయనను పిలిచాం, పిల్లలు ఆయన్ను చాచా అంటారు. ఆయన వచ్చి ఏ తీగా ముట్టుకోలేదు. “బోర్డు బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి బేటా” అన్నారు. తీశాం. స్క్రూ డ్రైవర్‌తో రెండు పిన్నులు తాకించగానే ఫ్యాన్ ఆగకుండా తిరిగింది, తెర వెలిగింది. “బయట నడిచింది, లోపల నడవలేదు. మధ్యలో తేడా ఏమిటి?” అని అడిగారు. పిల్లల్లో ఒకడు క్యాబినెట్‌లోకి తొంగిచూసి ఇత్తడి దిమ్మెలు లెక్కపెట్టాడు. పదకొండు ఉన్నాయి. బోర్డుకు ఉన్న రంధ్రాలు తొమ్మిది.

ఆ దిమ్మెలనే స్టాండాఫ్‌లు అంటారు. క్యాబినెట్ ఇనుపరేకుకు మరలా బిగించే చిన్న ఇత్తడి స్తంభాలివి. బోర్డు వీటి మీద రేకుకు తగలకుండా కొంత ఎత్తున నిలబడుతుంది, స్క్రూలు వీటి తలలోకి దిగుతాయి. బోర్డు వెనక వైపు చూస్తే వందల సోల్డర్ చుక్కలు కనిపిస్తాయి, వాటిలో చాలావాటిలో కరెంటు ఉంటుంది. క్యాబినెట్ రేకు, స్టాండాఫ్‌లు అన్నీ కరెంటు దృష్టిలో ఒక్కటే, ఎర్త్ వైపువి. బోర్డు రంధ్రాల చుట్టూ ఉన్న వెండిరంగు వలయాలు మాత్రం ఎర్త్‌కు తగలడానికే చేసినవి. రంధ్రం ఉన్నచోట స్టాండాఫ్ తగిలితే మంచిదే. రంధ్రం లేనిచోట తగిలితే సోల్డర్ చుక్కకూ రేకుకూ నేరుగా లంకె పడి షార్ట్ అవుతుంది.

మా క్యాబినెట్‌లో జరిగింది అదే. దాత ఇంట్లో దానిలో మైక్రో ఏటీఎక్స్ బోర్డు ఉండేది. అది నలుచదరంగా 244 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ బోర్డుకు ఎనిమిది రంధ్రాలు, కాబట్టి క్యాబినెట్‌లో ఎనిమిది స్టాండాఫ్‌లు ఉన్నాయి. మేము కొన్నది పూర్తి ఏటీఎక్స్ బోర్డు, వెడల్పు అంతే గానీ పొడవు 305 మిల్లీమీటర్లు. దానికి తొమ్మిది రంధ్రాలు. పై ఆరు రంధ్రాలు రెండు రకాల బోర్డులకూ ఒకేచోట వస్తాయి. కింది వరస మాత్రం మారుతుంది, పొడవు బోర్డుకు అది ఇంకా దిగువన పడుతుంది. పిల్లలు బోర్డు పెట్టి చూసి, అడుగున మూడు రంధ్రాల కింద ఏమీ లేదని గమనించి, మూడు స్టాండాఫ్‌లు కొత్తగా బిగించారు. అది సరైన పనే. కానీ చిన్న బోర్డు కింది వరసకు చెందిన పాత రెండింటిని తీయలేదు. అవి మా బోర్డు మధ్యలో, కార్డు గాళ్ల వెనక, రంధ్రం లేనిచోట వెన్నును ఆనుకుని నిలబడ్డాయి. బోర్డు తిప్పి చూస్తే ఆ చోట సన్నని గీత కూడా కనిపించింది.

ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోవడం షార్ట్‌కు గుర్తు. కరెంటు ఎక్కడో తప్పుదారిన పోతోందని గ్రహించి ఎస్.ఎం.పి.ఎస్. తనంతట తాను ఆగిపోయింది. ఆ రక్షణ పనిచేయబట్టి మా బోర్డు దక్కింది, ప్రతిసారీ దక్కుతుందని చెప్పలేం. రెండు స్టాండాఫ్‌లు విప్పేసి మళ్లీ బిగిస్తే కంప్యూటర్ మామూలుగా నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది.

అందుకే ఇప్పుడు మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం. బోర్డును క్యాబినెట్‌లో పెట్టే ముందు బోర్డు రంధ్రాలు ఒకరు, స్టాండాఫ్‌లు మరొకరు లెక్కపెట్టి గట్టిగా చెప్పాలి. రెండు అంకెలూ ఒకటే కావాలి. అంకె కుదిరినా సరిపోదు, బోర్డును పైన పట్టుకుని ప్రతి రంధ్రంలోంచి ఇత్తడి కనిపిస్తోందా అని చూడాలి. ఒకటి తక్కువైనా చిక్కే. ఆ మూలన ఆధారం లేక, 24 పిన్నుల తీగ నొక్కేటప్పుడు బోర్డు వంగుతుంది, వంగి వంగి లోపలి సన్నని రాగిదారులు తెగవచ్చు. ఇక అసలు స్టాండాఫ్‌లే లేకుండా బోర్డును నేరుగా రేకు మీద బిగించేవారూ ఉన్నారు. అప్పుడు వెన్నంతా ఇనుముకు తగులుతుంది.

క్యాబినెట్ లోపల వరస

లెక్క కుదిరాక మొదట చేయవలసింది, బోర్డుతో వచ్చిన పల్చటి రేకు పలకను క్యాబినెట్ వెనక గవాక్షంలో లోపలి నుంచి నొక్కి పెట్టడం. యూఎస్‌బీ, మానిటర్ సాకెట్లు దాని రంధ్రాల్లోంచే బయటికి వస్తాయి. దీన్ని మరిచి బోర్డు బిగించేస్తే మళ్లీ అన్ని స్క్రూలూ విప్పాలి. కొన్ని బోర్డులకు ఇది ముందే అతికి వస్తుంది.

రెండోది ఎస్.ఎం.పి.ఎస్. దాన్ని బిగించి, ప్రాసెసర్ దగ్గరికి వెళ్లే 8 పిన్నుల తీగను పైమూల రంధ్రంలోంచి ముందే లాగి ఉంచాలి. బోర్డు, ఫ్యాన్ కూర్చున్నాక ఆ మూలలో చెయ్యి దూరదు. మూడోది బోర్డు. దాన్ని కాస్త వాలుగా దించి, వెనక పలకలోకి జరిపి, స్టాండాఫ్‌ల మీద పరచాలి. స్క్రూలన్నీ ముందు సగం వరకే తిప్పి, అన్నీ పట్టాక ఒక్కొక్కటే బిగించాలి. స్క్రూల్లో పెద్ద మరలవి, సన్న మరలవి రెండు రకాలుంటాయి. వేళ్లతో రెండు చుట్లు సులువుగా తిరిగితేనే అది సరైన స్క్రూ. తిరగనిదాన్ని స్క్రూ డ్రైవర్‌తో బలవంతం చేస్తే స్టాండాఫ్ మరలు పాడై, విప్పేటప్పుడు స్టాండాఫ్ కూడా దానితోనే ఊడి వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది అన్నిటికన్నా చివర, ఎందుకంటే అది పెట్టాక కింది పిన్నులు కనిపించవు. ఆ కింది పిన్నుల దగ్గరే కొత్తవాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది.

ముందు వైపు బటన్ల తీగలు

క్యాబినెట్ ముందు బటన్, రీసెట్, రెండు చిన్న లైట్ల నుంచి సన్నని తీగలు వస్తాయి. వాటి కొనలకు గోరంత ప్లాస్టిక్ ముక్కలుంటాయి, ఏది దేనిదో వాటి మీదే రాసి ఉంటుంది. ఇవన్నీ బోర్డు కింది అంచున ఉండే తొమ్మిది పిన్నుల గుంపులోకి వెళ్తాయి. అది ఐదేసి పిన్నుల రెండు వరసలు, ఒక మూల పిన్ను ఉండదు. ఆ ఖాళీయే మనకు దారి చూపే గుర్తు.

ఖాళీ మూల మీకు పైన కుడివైపు వచ్చేలా ఊహించుకోండి. చాలా బోర్డుల్లో పై వరసలో ఎడమ నుంచి మొదటి రెండు పిన్నులు పవర్ లైటువి, మొదటిది ప్లస్, రెండోది మైనస్. తర్వాతి రెండు పవర్ బటన్‌వి. కింది వరసలో మొదటి రెండు హార్డ్‌డిస్క్ లైటువి, ప్లస్, మైనస్ అదే వరసలో. తర్వాతి రెండు రీసెట్‌వి. మిగిలిన ఒంటరి పిన్నుకు మనం ఏమీ పెట్టం. మీ బోర్డు పుస్తకం వేరుగా చెబితే పుస్తకం మాటే వినాలి.

బటన్లకు ప్లస్, మైనస్ లేవు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. లైట్లకు ఉన్నాయి. తిప్పి పెడితే ఏదీ కాలిపోదు, లైటు వెలగదు అంతే, మళ్లీ తిప్పి పెట్టుకుంటే సరి. మామూలుగా రంగు తీగ ప్లస్, తెల్లది లేదా నల్లది మైనస్.

మా పాత క్యాబినెట్‌లో ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. దాని పవర్ లైటు ముక్కకు మూడు రంధ్రాలున్నాయి, తీగలు రెండు చివరల్లో ఉండి మధ్యది ఖాళీ. కొత్త బోర్డులో ఆ రెండు పిన్నులు పక్కపక్కనే ఉన్నాయి. పాత క్యాబినెట్లు చాలావాటికి ఇలాగే ఉంటుంది. సూదితో ప్లాస్టిక్ నాలుకను కొద్దిగా ఎత్తితే ఒక తీగ కొన బయటికి జారుతుంది, దాన్ని మధ్య రంధ్రంలోకి మార్చాం. అంత ఓపిక లేకపోతే ఆ లైటును వదిలేసినా కంప్యూటర్‌కు ఏ లోటూ లేదు.

అన్నీ పెట్టాక బటన్ నొక్కితే ఏ చలనమూ లేదనుకోండి. మళ్లీ స్క్రూ డ్రైవర్‌తో పవర్ బటన్ పిన్నులు తాకించండి. అప్పుడు నడిస్తే తప్పు బటన్‌ది లేదా దాని తీగది. రీసెట్ ముక్కను తీసి పవర్ పిన్నులకు పెట్టుకుంటే రీసెట్ బటనే పవర్ బటన్ అవుతుంది. స్క్రూ డ్రైవర్‌కూ కదలకపోతే ఎస్.ఎం.పి.ఎస్. స్విచ్, 24 పిన్నుల తీగ చూడండి. ఫ్యాన్ కదిలి ఆగిపోతే స్టాండాఫ్‌ల దగ్గరికి వెళ్లండి. ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగా ఉంటే ర్యామ్, 8 పిన్నుల తీగ, మానిటర్ తీగ ఈ వరసలో చూడండి. ఏది ముట్టుకునే ముందైనా స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, బటన్ ఒకసారి నొక్కి వదలాలి. ప్లగ్‌లో ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆగి ఉన్నా, బోర్డులో కొంత కరెంటు ఉంటుంది.

పాత క్యాబినెట్ పంపే దాతలకు ఒక మనవి

ఈ ఏడాది కూడా కొందరు దాతలు పాత క్యాబినెట్లు, బోర్డులు ఇస్తామన్నారు. మేము కోరేది చిన్నది. క్యాబినెట్‌తో వచ్చిన స్క్రూల పొట్లం, విడి స్టాండాఫ్‌లు, బోర్డు వెనక రేకు పలక, బోర్డు పుస్తకం ఇంట్లో ఏ సొరుగులోనైనా ఉంటే వాటినీ కలిపి పంపండి. స్టాండాఫ్‌ల మరలు అన్ని క్యాబినెట్లకూ ఒకటి కావు, బజారులో విడిగా తెస్తే పట్టకపోవచ్చు. ఎస్.ఎం.పి.ఎస్. బాగా పాతదైతే వెనక ఎర్ర మీట ఉందేమో చూడండి. ఉంటే అది 230 మీద ఉండాలి. 115 మీద పెట్టి మన ఇళ్ల కరెంటు ఇస్తే అది వెంటనే కాలిపోతుంది.

మేము రాసి పంపని ఉత్తరం చదువు గది బీరువాలోనే ఉంది. కొత్తగా బిగింపు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ముందు దాన్ని చూపిస్తాం, ఆ తర్వాత ఆ రెండు ఇత్తడి దిమ్మెలను చేతిలో పెడతాం.